కందులు అమ్మిన సొమ్ము పంపేటప్పుడు సభ్యులకు రాయవలసిన సందేశం: లారీ కిరాయి, హమాలీ లెక్కలు తేటగా చెప్పే పద్ధతి

రైతు ఉత్పత్తిదారుల సంఘం సరుకు అమ్మి, సభ్యుల ఖాతాల్లో సొమ్ము వేసిన రోజున పంపే సందేశం సాధారణంగా ఇలా ఉంటుంది: "మీ కందులు విక్రయించబడినవి. రవాణా మరియు హ్యాండ్లింగ్ మినహాయింపులు పోను రూ.38,930 మీ ఖాతాకు జమ చేయబడినది. సహకరించగలరు." ఈ సందేశంలో అబద్ధం ఏమీ లేదు. అయినా ఇది చేరిన గంటలోనే సంఘం కార్యాలయానికి ఫోన్లు మొదలవుతాయి.

ఎందుకో చూద్దాం. ఇది అందుకున్న సభ్యురాలు 12 బస్తాలు, అంటే 6 క్వింటాళ్ల కందులు ఇచ్చింది. మిల్లు ధర క్వింటాలుకు 7,200 అని ఆమెకు ముందే తెలుసు. ఆరు ఏడువేల రెండువందలు 43,200. వచ్చినవి 38,930. తేడా 4,270 రూపాయలు. సందేశం దీనంతటికీ "రవాణా మరియు హ్యాండ్లింగ్" అనే ఒకే పేరు పెట్టింది కాబట్టి, లారీకీ హమాలీలకూ కలిపి క్వింటాలుకు దాదాపు 712 రూపాయలు పట్టారని ఆమె లెక్క కడుతుంది. నిజానికి లారీకీ హమాలీకీ కాంటాకూ పోయింది క్వింటాలుకు 104 మాత్రమే. మిగిలిన సొమ్ములో ఆమె తీసుకున్న విత్తనాల అప్పు ఉంది, తిరిగి ఆమెకే రావలసిన నిలుపుదల ఉంది, తూకంలో తగ్గిన మూడు కిలోల విలువ ఉంది, సంఘం రుసుము ఉంది. సందేశం వాటన్నిటినీ ఒకే గోతంలో కుక్కింది.

ఈ మార్గదర్శిలో తాండూరు ప్రాంతపు కందుల అమ్మకం ఒకటి తీసుకుని, ఆ సందేశాన్ని మొదటి నుంచి తిరగరాస్తాను. లెక్క సులువుగా సాగేందుకు ధరలు, కూలి రేట్లు గుండ్రటి అంకెలుగా నేను వేసుకున్నవి. మీ ఊళ్లో అవి వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఏ పంటకైనా ఇదే.

అమ్మకం వివరం ఇది. మూడు ఊళ్ల సభ్యులు కలిసి 200 బస్తాలు పోశారు. ఊళ్లో కాంటా మీద సంచి బరువు తీసివేసి బస్తాకు సరిగ్గా 50 కిలోలు తూచారు, అంటే మొత్తం 100 క్వింటాళ్లు. ఒకే లారీలో పప్పు మిల్లుకు చేర్చారు. అక్కడ ధర్మకాంటా మీద లారీ బరువు పోను సంచులతో సహా 10,070 కిలోలు తేలింది. 200 గోనె సంచులకు, ఒక్కోటి 600 గ్రాముల చొప్పున, 120 కిలోలు తీసివేస్తే సరుకు 9,950 కిలోలు. మిల్లు ఆ తూకానికే, క్వింటాలుకు 7,200 చొప్పున, 7,16,400 రూపాయలు చెల్లించింది.

మొదటి అడుగు: రాయడానికి ముందు కాగితాలు ముందు పెట్టుకోవడం

సందేశంలో వచ్చే ప్రతి అంకె వెనుక ఒక కాగితం ఉండాలి. ఈ అమ్మకానికి ఊరి కాంటా చీటీలు, ధర్మకాంటా రసీదులు రెండు (నిండు లారీది ఒకటి, ఖాళీ లారీది ఒకటి), మిల్లు బిల్లు, లారీ కిరాయి రసీదు, హమాలీ వోచర్లు, ఖర్చులను ఎలా పంచాలో బోర్డు చేసిన తీర్మానం కావాలి. మిల్లుకు కాకుండా మార్కెట్ యార్డులో అమ్మితే బిల్లుకు బదులు తక్‌పట్టీ ఉంటుంది. హమాలీలు రసీదు ఇవ్వరు కాబట్టి అక్కడే తరచుగా లోటు పడుతుంది. బస్తాల సంఖ్య, బస్తాకు రేటు, మొత్తం రాసి హమాలీ మేస్త్రీ చేత సంతకమో వేలిముద్రో వేయించుకున్న వోచర్ చాలు. అది కూడా లేని ఖర్చును సభ్యుల లెక్కలో వేయకుండా, వోచర్ వచ్చేదాకా సంఘం ఖాతాలో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. సందేశం పంపాక "ఆ అంకె ఎక్కడిది" అని ఒక్కరు అడిగి, కార్యాలయం తడబడితే, మిగతా అంకెలన్నిటి మీదా అనుమానం పడుతుంది.

కాగితాలు చూస్తున్నప్పుడే ఒక సంగతి పట్టుకోవాలి. మిల్లో కమీషన్ ఏజెంటో తమ బిల్లులో ముందే కొంత పట్టుకుని మిగిలినది చెల్లించి ఉంటే, అది ఎవరు భరించవలసిన ఖర్చో చూడాలి. ఉదాహరణకు మార్కెట్ ఫీజు కొనుగోలుదారు కట్టవలసినది. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం అది రైతు మీద పడకూడదు. బిల్లులో అది సంఘం వైపు పట్టి ఉంటే, సభ్యులకు పంచే ముందు మిల్లుతో మాట్లాడి సరిచేయించుకోవాలి. ఆ పని చేయకుండా "మార్కెట్ ఫీజు" అని సందేశంలో రాస్తే, సంఘమే ఆ తప్పును ఒప్పుకున్నట్టవుతుంది.

రెండో అడుగు: తూకంలో తగ్గినదాన్ని డబ్బులో తగ్గినదాని నుంచి విడదీయడం

ఊళ్లో 10,000 కిలోలు, మిల్లులో 9,950 కిలోలు. ఈ 50 కిలోలు ఖర్చు కాదు, తరుగు. క్వింటాలుకు అర కిలో. రెండు కాంటాల మధ్య చిన్న తేడా, ఎత్తేటప్పుడు దించేటప్పుడు రాలిన గింజ, ఒకటి రెండు రోజులు నిల్వ ఉన్నప్పుడు ఆరిన తేమ దీనికి కారణాలు. మన సభ్యురాలి 600 కిలోల మీద తరుగు 3 కిలోలు, దాని విలువ 216 రూపాయలు. దీన్ని హమాలీతో కలిపి చూపితే హమాలీ రేటు పెరిగినట్టు కనిపిస్తుంది. అసలు చూపకపోతే, ఆరు క్వింటాళ్లు ఇస్తే 597 కిలోలకే ఎందుకు కట్టారని ఆమె అడుగుతుంది. అందుకే సందేశంలో ఊరి తూకం, మిల్లు తూకం పక్కపక్కన ఉండాలి.

తరుగు సహజమైనదా, కాదా అని తేల్చుకోవడానికి ఎక్కువగా అక్కరకు వచ్చేది సంచి బరువు. లారీ బయలుదేరే ముందు పది ఖాళీ సంచులను కలిపి కాంటా మీద పెట్టి చూడండి. 50 కిలోలు పట్టే గోనె సంచి సుమారు 600 గ్రాములు ఉంటుంది. కొన్నిచోట్ల "వాడుక" పేరుతో సంచికి కిలో చొప్పున తీసివేస్తారు. అలా చేస్తే ఒక్కో బస్తాకు 400 గ్రాముల కంది ఉచితంగా పోయినట్టే. 200 బస్తాల మీద అది 80 కిలోలు, 7,200 ధర లెక్కన 5,760 రూపాయలు. మన లారీ, హమాలీ, కాంటా ఖర్చులన్నీ కలిపి 10,400 అయితే, ఎవరూ పేరెత్తని ఈ ఒక్క తగ్గింపు అందులో సగం కంటే ఎక్కువ. లారీ కిరాయిలో వంద రూపాయల కోసం బేరమాడే బోర్డు సభ్యులు కూడా దీన్ని గమనించకపోవడం నేను చూశాను. ఈ అమ్మకంలో సంచికి 600 గ్రాములని ముందే ఒప్పుకున్నారు కాబట్టి, సందేశంలో ఆ మాట ఒక్క ముక్కలో చెబితే చాలు.

తేమ సంగతి వేరు. కందులకు మద్దతు ధర కొనుగోలులో తేమ 12 శాతం మించకూడదన్నది ప్రమాణం. మిల్లులు కూడా చాలావరకు దాన్నే పట్టుకుని, మించితే ధరలోనో తూకంలోనో తగ్గిస్తాయి. అలా తగ్గిస్తే అది ఏ బస్తాల వల్ల తగ్గిందో ఆ బస్తాల సభ్యులకే చూపాలి. బాగా ఆరబెట్టి తెచ్చినవారి మీద పచ్చి సరుకు తగ్గింపు పంచితే, తరువాతి పంటకు ఆరబెట్టే శ్రమ ఎవరూ పడరు.

మూడో అడుగు: డబ్బులో తగ్గినవాటిని నాలుగుగా చీల్చడం

బయటివారికి చెల్లించినవి మొదటివి. లారీకి 6,500, ఊళ్లో ఎత్తుడు కూలి బస్తాకు 10 చొప్పున 2,000, మిల్లులో దించుడు కూలి బస్తాకు 8 చొప్పున 1,600, ధర్మకాంటా రుసుము 300. మొత్తం 10,400. దీన్ని 100 క్వింటాళ్లకు పంచితే క్వింటాలుకు 104.

సంఘం తీసుకున్నది రెండోది. ఇక్కడ అమ్మకం విలువ మీద 1 శాతం సేవా రుసుము అనుకుందాం. ఇది హమాలీ పక్కన కలిసిపోకూడదు. కలిపేస్తే, రుసుము దాచారన్న నింద వస్తుంది. విడిగా చూపితే, ఎక్కువా తక్కువా అన్న చర్చ మహాజన సభలో జరుగుతుంది. అది జరగవలసిన చోటు అదే.

మూడోది నిలుపుదల. సంఘం ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైతే, సభ్యులు ఇచ్చిన సరుకుకు బోర్డు నిర్ణయించిన మేరకే మొదట చెల్లించి, కొంత సొమ్ము ఆపి ఉంచి, తరువాత నగదుగానో వస్తువుగానో వాటాలుగానో ఇవ్వడానికి కంపెనీల చట్టం 378-ఇ సెక్షన్ వీలు కల్పిస్తుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం కింద నమోదైన సంఘమైతే తన నిబంధనావళిని చూసుకోవాలి. మన ఉదాహరణలో క్వింటాలుకు 100 రూపాయలు ఆపారు. ఇది ఖర్చు కాదు, సభ్యురాలి సొమ్మే. దీన్ని ఖర్చుల వరుసలో రాసిన రోజునే ఆమె దాన్ని పోయిన సొమ్ముగా మరచిపోతుంది. లేదా మరచిపోకుండా కోపం పెంచుకుంటుంది.

నాలుగోది అప్పు వసూలు. విత్తనాలకో ఎరువులకో ఆమె తీసుకున్న 2,400 అమ్మకంతో సంబంధం లేనిది. దీని ముందు ఒక గీత గీసి, "అమ్మకం లెక్క ఇక్కడితో సరి" అని చెప్పి, ఆ తరువాత అప్పు మాట రాయాలి.

నాలుగో అడుగు: ప్రతి ఖర్చుకూ లెక్క ఆధారం చెప్పడం

"లారీ కిరాయి 390" అని రాస్తే సరిపోదు. ఆమె 390 ఎలా వచ్చిందో తన ఫోన్‌లోని కాలిక్యులేటర్ మీద వేసి చూసుకోగలగాలి: 6 క్వింటాళ్లు, క్వింటాలుకు 65. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. ఖర్చులను ఊరి తూకం మీద పంచారా, మిల్లు తూకం మీద పంచారా? లారీ మోసింది, హమాలీలు ఎత్తింది ఊరి తూకాన్నే కాబట్టి 6 క్వింటాళ్ల మీదే పంచడం న్యాయం. ఈ మాట రాయకపోతే ఆమె 5.97ను 104తో హెచ్చవేసి, దాదాపు 621 వచ్చిందని, మీరు 624 పట్టారని అంటుంది. మూడు రూపాయల కోసం సాగే వాదన మూడు రూపాయల గురించి ఉండదు, సంఘం లెక్క తప్పుతుందన్న భావన గురించి ఉంటుంది.

ఇంతకంటే కష్టమైనది దూరం ప్రశ్న. మూడు ఊళ్లలో ఒకటి రోడ్డుకు దూరంగా ఉండి, లారీ అక్కడికి వెళ్లి రావడానికి యజమాని 6,500లో 1,500 అదనంగా తీసుకున్నాడనుకుందాం. ఆ ఊరి సరుకు 25 క్వింటాళ్లు. అందరికీ సమంగా పంచితే క్వింటాలుకు 65. దూరం ప్రకారం పంచితే, అసలు కిరాయి 5,000 అందరి మీదా క్వింటాలుకు 50 చొప్పున పడుతుంది. అదనపు 1,500 ఆ 25 క్వింటాళ్ల మీదే, క్వింటాలుకు 60 చొప్పున పడుతుంది. అప్పుడు దగ్గరి ఊళ్లవారికి 50, దూరపు ఊరివారికి 110. రెండు పద్ధతులకూ సమర్థన ఉంది. లారీ నిండడానికి దూరపు ఊరి సరుకు అవసరమైనప్పుడు, ఆ నిండు లారీ వల్లనే అందరికీ కిరాయి తగ్గింది కాబట్టి, సమంగా పంచడం మేలని నేను అంటాను. ఆ సరుకు లేకపోయినా లారీ నిండే పరిస్థితిలో దగ్గరి ఊళ్లవారి అభ్యంతరానికి బలం ఉంటుంది.

ఏదైనా ఒకటే షరతు: నిర్ణయం లారీ ఎక్కించడానికి ముందే జరిగి ఉండాలి, సందేశంలో ఆ తీర్మానం తేదీ ఉండాలి. సొమ్ము వచ్చాక పద్ధతి ఎంచుకుంటే, ఎవరికి లాభమో చూసి ఎంచుకున్నట్టే కనిపిస్తుంది.

ఐదో అడుగు: మాటలను ఏరుకోవడం

సందేశాల్లో విరివిగా కనిపించే "మినహాయింపు" అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. తీసివేత అన్నది ఒకటి. ఫీజు మినహాయింపు, పన్ను మినహాయింపు అన్నప్పుడు కట్టనక్కరలేదు అన్నది రెండోది. "రవాణా మినహాయింపు" అని చదివిన రైతు, లారీ కిరాయి మాఫీ చేశారని అనుకుంటే తప్పు ఆయనది కాదు. "కోత" అన్నా ఇబ్బందే. రైతుకు కోత అంటే మొదట గుర్తొచ్చేది చేను కోయడం, "కోత ఖర్చు" అంటే కంది కోసిన కూలీల ఖర్చు. "తరుగు"ను తూకానికే ఉంచాలి, డబ్బుకు వాడకూడదు.

"హ్యాండ్లింగ్ చార్జీలు" అనే మాటను విప్పి, ఎత్తుడు కూలి, దించుడు కూలి అని రెండుగా రాస్తే, ఆ పని సభ్యుల కళ్ల ముందు కనబడుతుంది. ఊళ్లో బస్తాలు ఎత్తడాన్ని వాళ్లు స్వయంగా చూశారు. మిల్లు దగ్గర దించడాన్ని చూడలేదు. అందుకే దించుడు కూలి మీదే ప్రశ్నలు ఎక్కువ వస్తాయి, దాని వోచర్ దగ్గర ఉంచుకోవాలి. వికారాబాద్ వైపు "కిరాయి" అంటారు, రాయలసీమలో "బాడుగ" అంటారు. మీ సభ్యులు ఏది అంటే అదే రాయండి. "జమ చేయబడినది", "విక్రయించబడినవి" అనే వాక్యాల్లో ఎవరు చేశారో తెలియదు. "మిల్లు చెల్లించింది", "సంఘం ఖాతాలో వేసింది", "హమాలీలకు ఇచ్చాం" అని చెబితే సొమ్ము ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తెలుస్తుంది. చివరన ఉండే "సహకరించగలరు" అన్న మాట తీసివేయండి. సొమ్ము ఇచ్చేటప్పుడు సహకారం అడిగితే ఏదో లోటు ఉందని తామే చెప్పుకున్నట్టుంటుంది.

ఆరో అడుగు: సందేశం రాయడం

క్రమం ముఖ్యం. ముందు ఖాతాలో ఎంత పడిందో చెప్పాలి, ఎందుకంటే ఆమె మొదట చూసేది అదే. ఆ తరువాత తూకం, ధర, బయటి ఖర్చులు, సంఘం రుసుము, నిలుపుదల, చివరగా అప్పు. ఏది తీసివేశాక ఎంత మిగిలిందో మధ్యమధ్య చెబితే లెక్క దారి తప్పదు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికి విడిగా పంపే సందేశం ఇలా రూపు దిద్దుకుంటుంది:

> నమస్కారం అమ్మా. మీ కందుల సొమ్ము రూ.38,930 ఈరోజు మీ బ్యాంకు ఖాతాలో వేశాం. లెక్క ఇది.
>
> మీరు ఇచ్చినవి 12 బస్తాలు. ఊళ్లో తూకం 600 కిలోలు, మిల్లులో తూకం 597 కిలోలు. సంచికి 600 గ్రాములే తీసివేశారు. తరుగు అందరికీ క్వింటాలుకు అర కిలో.
>
> మిల్లు ధర క్వింటాలుకు 7,200. 597 కిలోలకు రూ.42,984.
>
> బయట చెల్లించినవి (మీ 6 క్వింటాళ్ల మీద):
> లారీ కిరాయి, క్వింటాలుకు 65: రూ.390
> ఊళ్లో ఎత్తుడు కూలి, బస్తాకు 10: రూ.120
> మిల్లులో దించుడు కూలి, బస్తాకు 8: రూ.96
> ధర్మకాంటా, క్వింటాలుకు 3: రూ.18
> మొత్తం రూ.624. మిగిలినది రూ.42,360.
>
> సంఘం సేవా రుసుము 1 శాతం: రూ.430. మిగిలినది రూ.41,930.
>
> మీ పేరున ఆపి ఉంచిన నిలుపుదల, క్వింటాలుకు 100: రూ.600. ఇది మీ సొమ్మే. ఏడాది లెక్కలు తేలాక బోర్డు నిర్ణయం ప్రకారం ఇస్తాం. ప్రస్తుతానికి మిగిలినది రూ.41,330.
>
> అమ్మకం లెక్క ఇక్కడితో సరి. మీరు తీసుకున్న విత్తనాల అప్పు రూ.2,400 జమ కట్టుకున్నాం. ఇప్పుడు విత్తనాల అప్పు ఏమీ లేదు.
>
> ఖాతాలో వేసినది రూ.38,930.
>
> లారీ కిరాయిని మూడు ఊళ్లకూ సమంగా పంచాలని బోర్డు లారీ ఎక్కించడానికి ముందే తీర్మానించింది (తేదీ: ........). రసీదులు కార్యాలయంలో ఉన్నాయి, వచ్చి చూడవచ్చు.

రుసుము నిజానికి 429 రూపాయల 84 పైసలు. రూపాయికి సర్దినట్లు సందేశంలో చెప్పనక్కరలేదు గానీ, అందరికీ ఒకే తీరుగా సర్దాలి, సర్దుబాటులో మిగిలిన పైసలు సంఘం పుస్తకంలో కనిపించాలి.

ఊరి వ్యాపారి ధరతో పోలిక ఈ సందేశంలో పెట్టవద్దు. "బయట అమ్మితే ఇంతే వచ్చేది" అని రాయాలన్న ఆశ కలుగుతుంది. కాని ఆ వారంలో వ్యాపారి ఇంకో యాభై ఎక్కువ ఇచ్చిన ఇల్లు ఒక్కటైనా ఊళ్లో ఉంటుంది, చర్చ లెక్క మీద నుంచి దాని మీదకు మళ్లుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేని సభ్యులకు ఎస్సెమ్మెస్ కావాలి. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌లో 70 స్థానాలే ఉంటాయి; దాటితే ముక్కలుగా విడిపోయి ఒక్కో ముక్కలో 67 మాత్రమే పడతాయి, ఖర్చు ముక్కకు ఒకటి చొప్పున పడుతుంది. గుణింతాలు, పొల్లు, సున్న అన్నీ విడి స్థానాలే. "క్వింటాల్" అన్న ఒక్క మాటకే తొమ్మిది పోతాయి. అందుకే ఎస్సెమ్మెస్‌లో యూనిట్ రేట్లు వదిలి మొత్తాలే ఇవ్వాలి:

> కందులు 597 కిలోలు రూ.42,984. లారీ, హమాలీ 624, సంఘం సేవా రుసుము 430, నిలుపుదల 600, అప్పు 2,400. జమ రూ.38,930.

ఇది 108 స్థానాలు, రెండు ముక్కల్లో పడుతుంది. ధర్మకాంటా 18 రూపాయలు హమాలీలో కలిసింది. ఇంత చిన్నచోట అది తప్పదు. ఒకేసారి అందరికీ పంపే సేవ ద్వారా పంపితే, ఈ మాటల నమూనాను టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయాలి. అంకెలు మారే చోట్ల మాత్రమే ఆ వేదిక చెప్పిన గుర్తు ఉంచాలి. నమోదయ్యాక ఒక్క మాట మార్చినా సందేశం ఆగిపోతుంది. కాబట్టి పంట చేతికి రాకముందే మాటలు ఖాయం చేసుకోవాలి.

ఏడో అడుగు: పంపకముందు ఇద్దరికి చూపడం

చిత్తు ప్రతిని బోర్డులో లేని ఇద్దరు సభ్యులకు ఇవ్వండి. ఒకరు తక్కువ చదువుకున్నవారైతే మంచిది. "అర్థమైందా" అని అడగవద్దు, మర్యాదకు అయిందనే అంటారు. బదులుగా మూడు ప్రశ్నలు వేయండి: లారీకి మీ వంతు ఎంత పోయింది? ఈ తగ్గినవాటిలో మీకు తిరిగి వచ్చేది ఏది? ఎనిమిది బస్తాలు ఇచ్చినవారికి ఎత్తుడు కూలి ఎంత పడుతుంది? మూడోదానికి 80 అని చెప్పగలిగితే లెక్క ఆధారం చేరింది. రెండోదానికి "ఏదీ రాదు" అంటే నిలుపుదల వాక్యం తిరగరాయాలి. ఒకసారి ఇలా అడిగినప్పుడు ఒక పెద్దాయన "సేవా రుసుము" అంటే గుడికి ఇచ్చేదా అని నన్నే ఎదురు అడిగారు. ఆయన అడిగింది నిజమే, మన ఊళ్లలో సేవ అంటే అదే. అప్పటి నుంచి దాని ముందు "సంఘం" అన్న మాట తప్పక చేరుస్తున్నాం. ఎస్సెమ్మెస్‌లో స్థానాలు చాలకపోతేనే వదులుతాం.

ఎనిమిదో అడుగు: పంపే వేళ, పంపే దారి

సొమ్ము బ్యాంకులో పడినట్టు నిర్ధారించుకున్నాకే సందేశం వెళ్లాలి. ఉదయం సందేశం పంపి సాయంత్రం సొమ్ము వేస్తే, ఆ మధ్యలో సభ్యులు బ్యాంకుకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వస్తారు. బ్యాంకుల విలీనాల తరువాత ఐఎఫ్‌ఎస్‌సీ మారిన ఖాతాలు, పేరు సరిపోలని ఖాతాలు ఒకటి రెండు వెనక్కి వస్తాయి. వారికి ఈ సందేశం కాకుండా, ఏ వివరం సరిచేయాలో చెప్పే వేరే సందేశం, వీలైతే ఫోన్ చేయాలి.

అందరి వాట్సాప్ గుంపులో పెట్టదగినవి ఉమ్మడి అంకెలు మాత్రమే: మిల్లు ధర, మొత్తం తూకం, క్వింటాలుకు 104 ఖర్చు, ధర్మకాంటా రసీదు ఫోటో. ఎవరికి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత అప్పు ఉంది అన్నవి గుంపులోకి పోకూడదు. విత్తనాల అప్పు నలుగురికీ తెలియడం కొందరికి సొమ్ము తగ్గడం కంటే పెద్ద బాధ. చదవలేని సభ్యులకు అదే లెక్కను నిమిషంలోపు ధ్వని సందేశంగా పంపవచ్చు. దాంట్లో అంకెలు నెమ్మదిగా, ఒక్కోటి రెండుసార్లు చెప్పాలి. కార్యాలయంలో వాళ్లు గుర్తుపట్టే గొంతే అయి ఉండాలి.

తొమ్మిదో అడుగు: తప్పు దొరికినప్పుడు

వారం తరువాత మిల్లులో దించుడు కూలి బస్తాకు 8 కాదు, 7 అని వోచర్ల లెక్కలో తేలిందనుకోండి. మొత్తం తేడా 200 రూపాయలు, మన సభ్యురాలికి 12. పన్నెండు రూపాయలే కదా అని వదలకూడదు, పాత సందేశాన్ని తొలగించకూడదు. పాతదాన్ని ప్రస్తావిస్తూ కొత్తది పంపాలి: "కందుల లెక్కలో దించుడు కూలి బస్తాకు 8 అని రాశాం. వోచర్ ప్రకారం 7. మీ 12 బస్తాల మీద రూ.12 మీకు రావాలి, నిలుపుదలలో కలిపాం. ఇప్పుడు మీ నిలుపుదల రూ.612."

ఏడాది చివర ఆ సొమ్ము ఇచ్చే రోజున కూడా ఇదే పేరు, ఇదే అంకె వాడాలి. బోనస్ అనీ ప్రోత్సాహకం అనీ కొత్త పేరు పెడితే, కందుల అమ్మకంలో ఆపిన సొమ్ము ఇంకా రావలసే ఉందని ఆమె అనుకుంటుంది. అందుకని ఆ సందేశం ఇలా ఉంటే సరిపోతుంది: "నమస్కారం అమ్మా. కందుల అమ్మకంలో మీ పేరున ఆపిన నిలుపుదల రూ.612 ఈరోజు పూర్తిగా మీ ఖాతాలో వేశాం. ఆ అమ్మకంలో మీకు రావలసినది ఇంక ఏమీ లేదు."